రోజుకో ప్రాబ్లం, ఆదివారం లెక్కాచారం

పంచాంగం చూసేవాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. గోడ గడియారం చూసేవాళ్లకు అర్ధరాత్రి పన్నెండు దాటగానే తారీఖు మారుతుంది. కోడింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ రెండూ కాక మూడో వేళ ఒకటుంది: తెల్లవారుజామున ఐదున్నర. లీట్‌కోడ్ అనే ప్రాక్టీసు సైటు ప్రతిరోజూ ఒక కొత్త ప్రాబ్లం ఇస్తుంది. దాని గడియారం నడిచేది మన కాలమానంలో కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ఉదయం 5:30 అవుతుంది. డల్లాస్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థికి అదే ప్రాబ్లం వేసవిలో సాయంత్రం ఏడింటికి, చలికాలంలో ఆరింటికి వస్తుంది.

ఇది తెలియక లబోదిబోమనే వాళ్లు చాలామందే ఉంటారు. రోజుకొక ప్రాబ్లం చేసి తీరాలని పట్టుబట్టిన ఒక కుర్రాడిని ఊహించుకోండి. సోమవారం రాత్రి పదింటికి ఒకటి చేశాడు. మంగళవారం ఊరికి వెళ్లాలి కాబట్టి తెల్లవారుజామున ఐదింటికే లేచి ఇంకొకటి పూర్తి చేసి బస్సెక్కాడు. బుధవారం రాత్రి తొమ్మిదింటికి మూడోది చేశాడు. మూడు రోజులు, మూడు ప్రాబ్లమ్స్. యూటీసీ ప్రకారం లెక్కపెట్టే యాప్ మాత్రం మొదటి రెండింటినీ సోమవారం ఖాతాలోనే వేస్తుంది. మంగళవారం గడి ఖాళీగా మిగిలిపోతుంది. బుధవారం చేసిన దానికి యాప్ చూపించే అంకె ఒకటి. అంతకుముందు ముప్ఫై రోజులు వరసగా చేసినా సరే, మళ్లీ మొదటికే.

ఆ అంకెనే స్ట్రీక్ అంటారు. ఒక్క రోజూ మానకుండా వరసగా ఎన్ని రోజులు చేశామో చెప్పే లెక్క అది. దానికి ముందు ఒక రిమైండర్ ఉంటుంది: వేళకు ఫోన్ మోగి ఈ రోజు ప్రాబ్లం గుర్తుచేస్తుంది. దాని తర్వాత వారాంతపు రీక్యాప్ ఉంటుంది: వారమంతా ఏం చేశామో ఒకచోట పెట్టి చూసుకోవడం. కొత్తగా కోడింగ్ నేర్చుకునేవారికి ఈ మూడూ కలిపి ఒక పద్ధతిగా చెబుతున్నారు. అయితే ముగ్గురిలో పేరు వచ్చింది స్ట్రీక్‌కే. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేది దాన్నే. రీక్యాప్‌ను పట్టించుకునేవారు తక్కువ. పాఠం ఎక్కువగా దొరికేది అక్కడే.

రిమైండర్‌లో ఏం రాయాలి

కాకినాడలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతూ పైథాన్ మొదలుపెట్టిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇఫ్, ఫర్ లూప్, లిస్టు, ఫంక్షన్ వరకు వచ్చు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పెద్దమ్మ కూతురు ఆమెకు మొదట చెప్పిన మాట: "పెద్ద సైట్ల డైలీ ప్రాబ్లం జోలికి ఇప్పుడే వెళ్లకే."

కారణం ఉంది. లీట్‌కోడ్ రోజువారీ ప్రాబ్లం ఒకరోజు ఈజీ, ఇంకోరోజు మీడియం, మరోరోజు హార్డ్. దాన్ని అనుభవం ఉన్నవాళ్లనూ దృష్టిలో పెట్టుకునే ఎంపిక చేస్తారు. లూప్ ఇప్పుడే నేర్చుకున్నవారికి డైనమిక్ ప్రోగ్రామింగ్ ప్రాబ్లం ఎదురైతే చేయగలిగినవి రెండే పనులు: ఆ రోజు వదిలేయడం, లేదా జవాబు ఎక్కడినుంచో తెచ్చి అతికించడం. రెండో పని చేస్తే స్ట్రీక్ బతుకుతుంది, నేర్చుకున్నది మాత్రం ఏమీ ఉండదు. అందుకే మొదటి రెండు మూడు నెలలు సొంత జాబితా పెట్టుకోవడం మంచిది. ఒక్కో ప్రాబ్లం ఐదు నుంచి పది లైన్ల కోడ్‌లో తేలాలి. అరగంటకు మించి పట్టకూడదు. అందులో కొత్త విషయం ఒక్కటే ఉండాలి.

అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి మొదటి వారానికి ఐదు రాసుకున్నారు. సోమవారం, ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కోవడం: 482 ఇస్తే 14 రావాలి. మంగళవారం, ఒక ఇంగ్లిషు పదంలో అచ్చులెన్నో లెక్కపెట్టడం. బుధవారం, వెనకనుంచి చదివినా ముందునుంచి చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తుపట్టడం. గురువారం, వారం రోజుల ఉష్ణోగ్రతల్లో రెండో అతి పెద్ద అంకె కనుక్కోవడం. శుక్రవారం, లీపు సంవత్సరమా కాదా చెప్పడం. శనివారం మేనమామ ఇంట్లో పెళ్లి, కాబట్టి సెలవు. ఆ సెలవును ముందే రాసిపెట్టుకున్నారు. ఆదివారం కొత్త ప్రాబ్లం లేదు, రీక్యాప్ మాత్రమే.

ఇక రిమైండర్. "కోడింగ్ ప్రాక్టీస్ టైమ్" అని రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ మోగితే చాలామంది చేసే పని ఒక్కటే, వేలితో పక్కకు తోసేయడం. ఆ మాటలో చేయాల్సిన పనేమిటో లేదు. ఏ ప్రాబ్లం, ఎక్కడుంది అని వెతుక్కోవాలి. వెతకడానికి ఫోన్ తెరిస్తే రీల్స్ తగులుతాయి. అందుకని ఆమె ఫోన్ క్యాలెండర్‌లో ఒక్కో రోజుకు ఒక్కో ఈవెంట్ పెట్టుకుంది. నోటిఫికేషన్‌లో కంటికి కనిపించేది ఈవెంట్ పేరు కాబట్టి, ప్రాబ్లమ్‌నే పేరుగా రాసింది. సోమవారం రాత్రి ఫోన్‌మీద వచ్చింది ఇది: "482 → 14. ఏ సంఖ్య ఇచ్చినా అంకెల మొత్తం." ఫోన్ తెరవకముందే బుర్ర పనిలో పడుతుంది.

వేళ ఎంచుకోవడంలోనూ ఒక కిటుకు ఉంది. అది గడియారానికి కాదు, రోజూ జరిగే ఒక పనికి కట్టాలి. ఆమె విషయంలో అది రాత్రి భోజనం. కంచం కడిగి లాప్‌టాప్ తీయడం. ఫోన్ మోత ఆ పనిని గుర్తుచేయడానికే. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు నోటిఫికేషన్లను ఆలస్యంగా పంపుతుంది. మోత రాకపోయినా కంచం కడగడం ఆగదు కదా!

వికటకవిని కాదన్న పైథాన్

బుధవారం ప్రాబ్లం దగ్గర ఒక తమాషా జరిగింది. పైథాన్‌లో ఒక పదాన్ని తిరగేయడం చాలా తేలిక. `s[::-1]` అని రాస్తే చాలు. ఇంగ్లిషు పదం `madam` ఇచ్చి చూసింది, ట్రూ అంది. తెలుగువాళ్లకు ఇలాంటి పదం అనగానే గుర్తొచ్చేది ఒకటే కదా. తెనాలి రామకృష్ణుడి బిరుదు ఇచ్చి చూసింది.

```python
s = "వికటకవి"
print(s == s[::-1])   # False
print(len(s))         # 7
```

పైథాన్ కాదంది. ఐదక్షరాల పదానికి ఏడు అని లెక్క చెప్పింది. కోడ్ తప్పేమో అని "నటన" ఇచ్చింది, ట్రూ. "మడమ" ఇచ్చింది, ట్రూ. "కునుకు" ఇచ్చింది, మళ్లీ ఫాల్స్.

విషయం ఏమిటంటే, మనం "వి" అని ఒక అక్షరంగా చూసేదాన్ని కంప్యూటర్ రెండుగా దాచుకుంటుంది: "వ" ఒకటి, గుడి ఒకటి. వికటకవిలో రెండు గుళ్లు ఉన్నాయి కాబట్టి ఐదుకు రెండు కలిసి ఏడు. తిరగేసినప్పుడు గుడి ముందుకొస్తుంది, "వ" వెనక్కి పోతుంది. ఇక రెండూ ఒకటెలా అవుతాయి? నటన, మడమ అనే పదాల్లో గుణింతపు గుర్తులే లేవు, అందుకే గట్టెక్కాయి. ఆమె పదాన్ని `["వి", "క", "ట", "క", "వి"]` అని అక్షరాల లిస్టుగా విడగొట్టి, ఆ లిస్టును తిరగేసి పోల్చింది. అప్పుడు ట్రూ వచ్చింది.

రోజువారీ ప్రాబ్లం చిన్నదిగా ఉండాలనడానికి ఇదీ ఒక కారణమే. అసలు పని పది నిమిషాల్లో అయిపోయింది కాబట్టే, మిగిలిన పావుగంట ఇలా తనకు తోచిన పదాలు ఇచ్చి ఆడుకోవడానికి దొరికింది.

స్ట్రీక్ లెక్క లోపల

స్ట్రీక్ లెక్కించే ప్రోగ్రామ్ చూడ్డానికి చిన్నదే. పైథాన్‌లో ఎనిమిది తొమ్మిది లైన్లు.

```python
from datetime import timedelta

def streak(days, today):
    one = timedelta(days=1)
    d = today if today in days else today - one
    n = 0
    while d in days:
        n += 1
        d -= one
    return n
```

ఇందులో `days` అంటే ప్రాబ్లం చేసిన తారీఖుల సెట్. ఈ రోజు నుంచి ఒక్కో రోజు వెనక్కి నడుస్తూ, తారీఖు సెట్‌లో ఉన్నంతవరకు లెక్కపెడుతుంది. గమనించాల్సింది `d` విలువ మొదలయ్యే లైను. ఈ రోజు ఇంకా చేయకపోతే నిన్నటినుంచి లెక్క మొదలుపెట్టమంటోంది. ఆ లైను లేకపోతే రోజూ పొద్దున్నే స్ట్రీక్ సున్నా చూపిస్తుంది. రాత్రి చేద్దామనుకున్నవారు ఆ సున్నా చూసి ఉసూరుమంటారు.

మొదట్లో చెప్పిన కుర్రాడి గొడవ ఈ కోడ్‌లో లేదు. అది సెట్‌లోకి తారీఖు వేసేటప్పుడు జరిగిన పొరపాటు. మంగళవారం ఉదయం 5:00 అన్నది యూటీసీలో సోమవారం రాత్రి 11:30. సెట్‌లో అప్పటికే సోమవారం ఉంది, మళ్లీ అదే వేస్తే కొత్తగా చేరేదేమీ లేదు. అందుకే సొంతంగా కాగితంమీదో షీట్‌లోనో రాసుకునేవారు తమ రోజు ఎప్పుడు మారుతుందో ముందే తేల్చుకోవాలి. రాత్రి ఒంటిగంటకు పడుకునేవారు తెల్లవారుజామున నాలుగింటికి రోజు మారుతుందని పెట్టుకున్నా తప్పులేదు.

సెలవుల సంగతి కూడా తేల్చుకోవాలి. వారానికొక సెలవు ముందే రాసిపెట్టుకుంటే ఆ రోజు తెగినట్టు కాదు. ఇది సోమరితనానికి వేసిన ముసుగేమీ కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని, రోజూ ఒకే సందర్భంలో ఒక కొత్త పని చేయమని 84 రోజులపాటు గమనించింది. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో అలవాటు పూర్తిగా కుదురుకోవడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. అందులోనే ఇంకో సంగతి ఉంది: మధ్యలో ఒక్కసారి మానినంత మాత్రాన అలవాటు కుదురుకోవడానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. ఒక రోజు పోతే అలవాటు పోదు. స్ట్రీక్ అంకె మాత్రం సున్నా అవుతుంది. అలవాటుకూ అంకెకూ ఉన్న తేడా అదే.

ఆ అంకె మనుషుల చేత ఏం చేయిస్తుందో చెప్పే పెద్ద ఉదాహరణ గిట్‌హబ్. ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే ఆ సైటులో ఒకప్పుడు ప్రతి ఒక్కరి పేజీమీదా స్ట్రీక్ కనిపించేది. 2016 మేలో దాన్ని ముందస్తు హెచ్చరిక లేకుండా తీసేశారు. తీసేయకముందు, తీసేశాక ప్రోగ్రామర్ల తీరు ఎలా మారిందో లూకస్ మోల్డన్, మార్కస్ స్ట్రోమయర్, యొహానెస్ వాక్స్ పరిశీలించి 2021లో ప్రచురించారు. అంకె పోగానే చాలా పొడవైన స్ట్రీక్‌లు ఆగిపోయాయి. శని ఆదివారాల పని తగ్గింది. రోజుకు సరిగ్గా ఒకే ఒక్క చిన్న మార్పు చేసి ఊరుకునే రోజులు కూడా తగ్గాయి. అంటే అంతకుముందు ఆ ఒక్క మార్పులో కొంత భాగం పనికోసం కాక అంకెకోసం జరిగిందన్నమాట.

కొత్తగా నేర్చుకునేవారి స్ట్రీక్ డొల్లగా మారుతోందని కనిపెట్టడం కష్టమేమీ కాదు. ప్రాబ్లం పూర్తయిన వేళలు రాసుకుంటే చాలు. అవి ఎనిమిదిన్నర నుంచి జరిగి జరిగి రాత్రి 11:50 దగ్గరికి చేరుతుంటే, చేస్తున్నది ప్రాబ్లం కాదు, హాజరు వేయించుకోవడం. పావుగంట పట్టేవి రెండు నిమిషాల్లో అయిపోతుంటే, అవి ఇదివరకే వచ్చినవైనా అయ్యుండాలి, ఎక్కడినుంచైనా దించినవైనా అయ్యుండాలి.

ఆదివారం పొద్దున

పెళ్లి నుంచి శనివారం రాత్రే తిరిగొచ్చిన ఆ అమ్మాయి ఆదివారం పొద్దున నోట్‌బుక్ తెరిచింది. రోజూ ప్రాబ్లం అయ్యాక అందులో మూడే మూడు సంగతులు రాసింది: ఎంతసేపు పట్టింది, ఎలా అయింది, ఎక్కడ తప్పింది. ఎలా అయింది అనే గడిలో మూడు మాటల్లో ఒకటే ఉండాలని అక్క షరతు: సొంతంగా, సూచనతో, జవాబు చూసి.

సోమవారం: 12 నిమిషాలు, సొంతంగా, తప్పు లేదు. మంగళవారం: 15 నిమిషాలు, సొంతంగా. తప్పు: `Apple` ఇస్తే రెండు రావాల్సింది ఒకటి వచ్చింది, పెద్ద `A`ని అచ్చుగా లెక్కించలేదు. బుధవారం: 10 నిమిషాలు, సొంతంగా. తప్పు: తెలుగు గుణింతాలు. గురువారం: 40 నిమిషాలు, జవాబు చూసి. శుక్రవారం: 25 నిమిషాలు, సూచనతో.

శుక్రవారం సంగతి కొంచెం చెప్పుకోవాలి. లీపు సంవత్సరం అనగానే ఆమె `y % 4 == 0` అని రాసింది, అంటే నాలుగుతో భాగిస్తే శేషం సున్నా రావాలని. 2024 ఇస్తే ట్రూ, 2023 ఇస్తే ఫాల్స్. అయిపోయిందనుకుంది. అక్క ఫోన్లో ఒకే ఒక్క సూచన ఇచ్చింది: "1900 ఇచ్చి చూడు." ట్రూ వచ్చింది, అది తప్పు. నాలుగేళ్లకొక రోజు కలిపితే ఏడాదికి పదకొండు నిమిషాల చొప్పున ఎక్కువవుతుంది, నాలుగు వందల ఏళ్లలో అది మూడు రోజులవుతుంది. అందుకని వందతో భాగించబడే సంవత్సరాల్లో ఆ అదనపు రోజు తీసేస్తారు, నాలుగు వందలతో భాగించబడితే మాత్రం ఉంచుతారు. కాబట్టి 1900 లీపు కాదు, 2000 లీపు.

```python
def leap(y):
    return y % 4 == 0 and (y % 100 != 0 or y % 400 == 0)
```

ఈ తప్పు చేసింది ఆమె ఒక్కతే కాదు. మన ఆఫీసుల్లో రోజూ వాడే ఎక్సెల్ ఇప్పటికీ 1900 ఫిబ్రవరి 29ని నిజమైన తారీఖుగా ఒప్పుకుంటుంది. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రామ్‌లో ఉన్న పొరపాటు అది. అందులోని ఫైళ్లు సరిగా తెరుచుకోవాలని ఎక్సెల్ కూడా అలాగే కొనసాగించింది.

రీక్యాప్‌లో మొదటి పని, సొంతంగా కానివాటిని ఖాళీ పేజీమీద మళ్లీ రాయడం. పాత కోడ్ చూడకూడదు. చూసి "ఆఁ, తెలుసులే" అనుకోవడం వేరు, చూడకుండా రాయడం వేరు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. గురువారం నాటి జవాబు ఆదివారం చేతికొస్తుందా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష.

లీపు సంవత్సరం ఈసారి మొదటి ప్రయత్నంలోనే వచ్చింది. రెండో అతి పెద్ద ఉష్ణోగ్రత దగ్గర ఆమె ఇలా రాసింది:

```python
def second(t):
    first = second = 0
    for n in t:
        if n > first:
            second = first
            first = n
        elif n > second:
            second = n
    return second
```

కాకినాడ ఉష్ణోగ్రతలు 33, 36, 34 ఇస్తే 34 వచ్చింది. బాగానే ఉంది. ఆ తర్వాత జనవరి నెల లేహ్ ఉష్ణోగ్రతలుగా -5, -2, -9 ఇచ్చింది. రావాల్సింది -5. వచ్చింది సున్నా. లిస్టులోనే లేని అంకె! మొదట్లో రెండింటికీ సున్నా పెట్టడంతో, అన్నీ సున్నాకంటే చిన్నవైన లిస్టులో ఒక్క అంకె కూడా ఆ గడప దాటలేదు. గురువారం చూసిన జవాబులో ఇలా లేదు, కానీ అది ఎందుకలా ఉందో అప్పుడు ఆలోచించలేదు. దానికి ఆమె పెట్టుకున్న గుర్తు: మళ్లీ గురువారం.

రెండో పని, "ఎక్కడ తప్పింది" గడిని పైనుంచి కిందికి ఒక్కసారి చదవడం. అక్క ఫోన్ చేసింది.

"ఎన్ని సొంతంగా చేశావే?"

"మూడు, అక్కా. ఒకటి నీ సూచనతో, ఒకటి జవాబు చూసి. అది ఇవాళ కూడా తప్పింది."

"తప్పులన్నీ వరసగా చదువు."

చదివింది. పెద్ద `A`. తెలుగు గుడి. 1900. సున్నాకంటే చిన్న అంకెలు. చదువుతూ చదువుతూ తనే ఆగింది. నాలుగు ప్రాబ్లమ్స్ వేరు, నాలుగు రోజులు వేరు, తప్పు మాత్రం ఒకటే. మామూలుగా ఇచ్చే అంకెలు, పదాలతో చూసుకుని సరిపోయిందనుకుంటోంది. పక్కదారిన వచ్చే ఇన్‌పుట్‌ను ప్రయత్నించడం లేదు. ఏ ఒక్క రోజు తప్పునూ విడిగా చూస్తే ఇది కనిపించదు. స్ట్రీక్‌లో అయితే ఎప్పటికీ కనిపించదు, దానికి తెలిసింది చేశామా లేదా అన్నదొక్కటే. ఐదూ ఒక పేజీమీద పక్కపక్కన ఉంటేనే బయటపడింది.

ఆలోచిస్తే, బస్సెక్కిన కుర్రాడి స్ట్రీక్ తెంచిన యాప్‌లో ఉన్నదీ ఇదే లోపం. రాత్రిపూట చేసేవారితో సరిచూసి ఉంటారు. తెల్లవారుజామున ఐదింటికి చేసేవారు ఒకరుంటారని ఎవరికీ తట్టి ఉండదు.

రీక్యాప్‌లో మూడో పని, తెలిసింది వచ్చే వారం రిమైండర్లలోకి ఎక్కించడం. ఆమె రెండో వారానికి నాలుగు కొత్తవి, ఒకటి పాతది పెట్టుకుంది. పాతది గురువారం ఉష్ణోగ్రతల ప్రాబ్లమే, ఈసారి ఒకే అంకె రెండుసార్లు వస్తే ఏం చేయాలన్న చిక్కుతో సహా. ప్రతి రిమైండర్ చివరా ఒక ముక్క కలిపింది: "ముందు మూడు పిచ్చి ఇన్‌పుట్లు రాయి." ఖాళీ లిస్టు, సున్నా, ఒకే అక్షరం ఉన్న పదం, రెండుసార్లు వచ్చే అంకె వంటివి కోడ్ మొదలుపెట్టకముందే కాగితంమీద ఉండాలి. మొత్తం రీక్యాప్‌కు పట్టింది ముప్పావుగంట.

ఎంతవరకు పనికొస్తుంది

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పది లైన్ల ప్రాబ్లమ్స్ ఎన్ని చేసినా, వేరొకరు రాసిన వెయ్యి లైన్ల కోడ్ చదవడం రాదు. ఫైళ్లు, డేటాబేస్, వెబ్‌పేజీ కలిపి ఒక చిన్న పని పూర్తి చేయడం కూడా దీనితో రాదు. రోజుకు అరగంట పద్ధతిలో అలాంటి పని ఇమడదు. దానికి శనివారం మధ్యాహ్నం మొత్తం కావాలి. జాబితాలోని ప్రాబ్లమ్స్‌లో ఎక్కువ భాగం మొదటి ప్రయత్నంలోనే, పిచ్చి ఇన్‌పుట్లతో సహా, సొంతంగా అవుతున్నాయంటే జాబితా మార్చాల్సిన వేళ వచ్చినట్టే. రెండు మూడు వారాలు వరసగా రీక్యాప్ పేజీలో "సొంతంగా" తప్ప ఇంకో మాట లేకపోతే, ఆ ప్రాబ్లమ్స్ ఇక నేర్పుతున్నదేమీ లేదు. అప్పుడు సైట్ల డైలీ ప్రాబ్లం చూడొచ్చు, అదీ ఈజీ అని ఉన్న రోజుల్లో. పైన ఇచ్చిన స్ట్రీక్ ప్రోగ్రామ్‌ను సెలవులు కూడా లెక్కలోకి తీసుకునేలా మార్చి రాయడం కూడా ఆ దశకు తగిన పనే.

అటువైపు, మూడు వారాలు గడిచినా సగానికి మించి "జవాబు చూసి" అనే ఉంటే, తప్పు పట్టుదలది కాదు, జాబితాది. ప్రాబ్లమ్స్ ఒక మెట్టు కిందికి దించాలి.

ఈ రాత్రే మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా చేయాల్సింది ఒక్కటే. ఫోన్ క్యాలెండర్ తెరిచి, రేపు రాత్రి భోజనం అయ్యే వేళకు ఒక ఈవెంట్ పెట్టండి. పేరు ఇలా రాయండి: "482 → 14. ఏ సంఖ్య ఇచ్చినా అంకెల మొత్తం. ముందు మూడు పిచ్చి ఇన్‌పుట్లు రాయి." ఆ మూడింటిలో సున్నా ఒకటి, -482 ఒకటి ఉండేలా చూసుకోండి. ఆదివారం పొద్దున ముప్పావుగంట కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.